బాణం ఎటు, గీత ఎక్కడిదాకా?

ఖండం కింద 60 కిలోమీటర్ల లోతున ఒక చుక్క పెట్టి, పక్కన ‘క’ అని రాశారు. ‘క’ ఎక్కడుంది అన్నది ప్రశ్న. ఆప్షన్లు నాలుగు: ఒకటి, భూపటలంలో. రెండు, ప్రావారంలో ఉంది గానీ శిలావరణంలో లేదు. మూడు, ప్రావారంలోనూ శిలావరణంలోనూ ఉంది. నాలుగు, ఆస్తినోస్ఫియర్‌లో. డీఎస్సీకో గ్రూప్స్‌కో చదువుతున్నవాళ్లకు ఇలాంటి బిట్లు కొత్తకాదు. మూడో ఆప్షన్ మీద చాలామందికి అనుమానం వస్తుంది. ఒక చుక్క ఒకేసారి రెండు పొరల్లో ఎలా ఉంటుంది?

ఉంటుంది. ఆ పటంలో పొరలకు పేర్లు రెండు పద్ధతుల్లో పెట్టి ఉంటాయి కాబట్టి. ఎడమవైపు ‘భూపటలం, ప్రావారం, కేంద్ర మండలం’ అని ఒక వరస, కుడివైపు ‘శిలావరణం, ఆస్తినోస్ఫియర్’ అని మరో వరస. మొదటి వరస రాయి దేనితో తయారైందో చెబుతుంది. రెండో వరస ఆ రాయి గట్టిగా విరిగే రకమా, మెల్లగా సాగే రకమా అన్నది చెబుతుంది. ఒకే మనిషికి ఊరూ ఉంటుంది, వృత్తీ ఉంటుంది. ఒకటి చెబితే రెండోది అబద్ధమైపోదు.

భూగర్భశాస్త్రంలో పటం ఉన్న ప్రశ్నల్లో తప్పులు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. కంటికి ముందుగా రంగు కనిపిస్తుంది, తర్వాత ఆకారం. లేబుళ్లు ఆఖరున. కానీ ఆ పటాల్లో రంగు చిత్రకారుడి ఇష్టం, ఆకారం అచ్చు సౌకర్యం. సమాచారమంతా లేబుళ్లలో, బాణాల్లో, గీతల చివర్లలో ఉంటుంది. ఆప్షన్లు రాసే మనిషికి ఇది బాగా తెలుసు. అందుకే కనీసం ఒక తప్పు ఆప్షన్ అయినా రంగును చూసి మోసపోయేవాళ్ల కోసమే తయారవుతుంది.

గీత పొరను చూపిస్తోందా, హద్దును చూపిస్తోందా?

భూమి లోపలి పొరల పటం తీసుకుందాం. భూమి వ్యాసార్ధం దాదాపు 6,371 కిలోమీటర్లు. భూపటలం మందం ఖండాల కింద సగటున 35 కిలోమీటర్లు, సముద్రాల కింద ఏడు దాకా. దాని కింద ప్రావారం దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు వరకు ఉంటుంది. అక్కడినుంచి 5,150 వరకు ద్రవరూపంలో ఉన్న బాహ్య కేంద్ర మండలం, ఆపైన మధ్య బిందువు దాకా ఘనరూపంలో ఉన్న అంతర కేంద్ర మండలం.

ఈ అంకెల్ని కాగితం మీద పెడితే ఒక చిక్కు వస్తుంది. భూమిని 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో గీశామనుకోండి. అప్పుడు ఖండాల కింది భూపటలం మందం సుమారు అర మిల్లీమీటరు. అంటే పెన్సిలు గీతంత. దానికి లేబుల్ పెట్టే చోటే ఉండదు. అందుకని పుస్తకాల్లో భూపటలాన్ని బాగా లావుగా గీస్తారు. ‘స్కేలు ప్రకారం గీయలేదు’ అన్న చిన్న వాక్యం పటం కింద ఉందో లేదో ముందు చూడాలి. అది ఉంటే పొరల మందాలను కంటితో పోల్చి జవాబు చెప్పకూడదు. పక్కన ఇచ్చిన అంకెలతోనే పోల్చాలి.

రెండోది, లేబుల్ గీత చివర ఎక్కడ ఆగింది? ఒక రంగు మధ్యలో చుక్కతో ఆగితే అది పొర. రెండు రంగులు కలిసే అంచు మీద ఆగితే అది హద్దు. మోహో, గూటెన్‌బర్గ్, లేమన్ అన్న పేర్లు మూడూ హద్దులకు పెట్టినవే, పొరలకు కాదు. భూపటలానికీ ప్రావారానికీ మధ్య హద్దు మోహో. ప్రావారానికీ బాహ్య కేంద్ర మండలానికీ మధ్యది గూటెన్‌బర్గ్. బాహ్య, అంతర కేంద్ర మండలాల మధ్యది లేమన్. ‘మోహో పొర మందం ఎంత?’ అన్నట్టుగా ఆప్షన్ కనిపిస్తే అది ఉచ్చు అని అనుమానించవచ్చు.

ఈ హద్దులను తవ్వి చూసినవాళ్లెవరూ లేరు. భూకంప తరంగాల వేగం ఒక లోతులో ఉన్నట్టుండి మారడాన్ని బట్టి పసిగట్టారు. 1909లో క్రొయేషియా శాస్త్రవేత్త మొహొరొవిచిచ్ మొదటి హద్దును ఇలాగే కనిపెట్టారు. భూమికి కేంద్ర మండలం ఒకటి ఉందని తరంగాల రికార్డుల ఆధారంగా 1906లో వాదించిన ఓల్డ్‌హామ్ అంతకుముందు భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసినవాడు. 1897 నాటి అస్సాం భూకంపం మీద ఆయన చేసిన అధ్యయనమే ఆ దారి చూపింది. అంతర కేంద్ర మండలం వేరే ఉందని 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగె లేమన్ తేల్చారు. పటంలో ఆ మూడు గీతల దగ్గర తరంగాలు వంగుతున్నట్టో ఆగిపోతున్నట్టో చూపించడానికి కారణం ఇదే. ఎస్ తరంగం బాహ్య కేంద్ర మండలం అంచు దగ్గర ఆగిపోతే, ఆ పొర ద్రవమని అర్థం. ఎస్ తరంగాలు ద్రవంలో ప్రయాణించలేవు.

ఈ తర్కాన్నే తిప్పి చూస్తే ఇంకో అపోహ తీరిపోతుంది. ప్రావారానికి దాదాపు ప్రతి పుస్తకంలోనూ నారింజ రంగో ఎరుపో వేస్తారు. దాంతో అది కుతకుతలాడే ద్రవమని చదివేవాళ్ల మనసులో పడిపోతుంది. కానీ అదే పటంలో ఎస్ తరంగాల గీతలు ప్రావారం గుండా సాఫీగా వెళుతూ కనిపిస్తాయి. అలా వెళ్లాయంటే అది ఘనపదార్థమే. ఆస్తినోస్ఫియర్‌లోనూ కరిగిన భాగం చాలా స్వల్పం. కొలిమిలో కాలిన ఇనుము కరగకుండానే సుత్తి దెబ్బకు వంగినట్టు, ఆ వేడిలో ఆ పీడనంలో రాయి ఘనంగా ఉంటూనే లక్షల ఏళ్ల మీద మెల్లగా సాగుతుంది. ‘ప్రావారం ద్రవరూపంలో ఉంటుంది’ అన్న ఆప్షన్ రంగును నమ్మినవాళ్ల కోసం పెట్టింది.

ఇప్పుడు ‘క’ చుక్క సంగతి. పటంలో భూపటలం అడుగున 35 అనీ, శిలావరణం అడుగున 100 అనీ అంకెలు ఉన్నాయనుకుందాం. 60 అన్నది 35 దాటింది, 100 దాటలేదు. కాబట్టి ‘క’ ప్రావారంలోనూ ఉంది, శిలావరణంలోనూ ఉంది. జవాబు మూడు. అదే పటం హిమాలయాల కింది కోత అయి, భూపటలం అడుగున 70 అని ఉంటే? అప్పుడు అదే 60 కిలోమీటర్ల చుక్క భూపటలంలోనే ఉంటుంది, జవాబు ఒకటికి మారిపోతుంది. లోతు మారలేదు, లేబుల్ మారింది. ‘భూపటలం అంటే 35 కిలోమీటర్లు’ అని బట్టీ పట్టినవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. ‘పలకలు భూపటలపు ముక్కలు’ అన్న వాక్యం తప్పెందుకో కూడా ఇక్కడే అర్థమవుతుంది. పలకలు శిలావరణపు ముక్కలు. భూపటలంతో పాటు ప్రావారం పైభాగాన్ని కూడా మోసుకుని కదులుతాయి.

దిగే పలక కరిగిపోతుందా?

పలకల సరిహద్దు పటాల్లో ఎక్కువగా కనిపించేది సముద్రపు పలక ఖండపు పలక కిందికి దిగే నిలువుకోత. ఎడమవైపు సముద్రం. దాని అడుగున లోతైన కందకం, దానికి ‘క’. అక్కడినుంచి ఏటవాలుగా లోపలికి దిగుతున్న పలకకు ‘ఖ’. దిగే పలకకూ పై పలకకూ మధ్య త్రికోణంలా మిగిలిన ప్రావార భాగానికి ‘గ’. కుడివైపు అగ్నిపర్వతం, దాని కింద మాగ్మా గది, దానికి ‘ఘ’. మాగ్మా మొదట పుట్టేది ఎక్కడ, ప్రధాన కారణం ఏమిటి అన్నది ప్రశ్న.

ఆప్షన్లు ఇలా ఉంటాయి. ఒకటి: ‘ఖ’లో, రాపిడి వేడి వల్ల. రెండు: ‘గ’లో, నీరు చేరి రాయి కరిగే ఉష్ణోగ్రత తగ్గడం వల్ల. మూడు: ‘ఘ’లో, పీడనం పెరగడం వల్ల. నాలుగు: ‘క’లో, సముద్రపు నీరు లోపలికి దిగి వేడెక్కడం వల్ల.

చూడగానే ఒకటో ఆప్షన్ సరైనదనిపిస్తుంది. పలక లోపలికి దిగుతోంది, లోపల వేడి, అక్కడే కరుగుతుంది అని మనసు చెబుతుంది. కానీ దిగే పలక సముద్రం అడుగున కోట్ల ఏళ్లు చల్లబడిన రాయి. దిగుతున్నప్పుడు చుట్టూ ఉన్న ప్రావారం కంటే అది చల్లగానే ఉంటుంది. అయితే అది తనతో ఒకటి తీసుకెళుతుంది. సముద్రపు అడుగు రాళ్లలోని ఖనిజాలు తమ నిర్మాణంలో నీటిని పట్టి ఉంచుకుంటాయి. సుమారు 100 కిలోమీటర్ల లోతుకు చేరేసరికి వేడికీ పీడనానికీ ఆ ఖనిజాలు వేరే ఖనిజాలుగా మారి నీటిని వదిలేస్తాయి. అది పైకి ఎక్కి ‘గ’లోని వేడి రాయికి తగులుతుంది. నీరు చేరిన రాయి పొడి రాయి కంటే కొన్ని వందల డిగ్రీల తక్కువ వేడికే కరగడం మొదలుపెడుతుంది. అంటే ‘గ’ కొత్తగా వేడెక్కలేదు. దాని కరిగే ఉష్ణోగ్రతే కిందికి దిగింది. కాబట్టి జవాబు రెండు.

ఇందులో ‘ప్రధాన’ అన్న మాట ఊరికే లేదు. దిగే పలక బాగా లేతదై, ఇంకా వేడిగా ఉంటే, అది కూడా కొంత కరిగే సందర్భాలు ఉన్నాయి. అందుకే జాగ్రత్తగా ప్రశ్న రాసేవాళ్లు ఆ మాట వాడతారు. మూడో ఆప్షన్‌ను వెంటనే కొట్టేయవచ్చు, ఎందుకంటే పీడనం పెరిగితే పొడి రాయి కరగడం ఇంకా కష్టమవుతుంది. సముద్ర మధ్య పర్వతశ్రేణుల దగ్గర మాగ్మా పుట్టడానికి కారణం దీనికి తలకిందులు. అక్కడ పలకలు విడిపోతాయి, కింది రాయి పైకి లేస్తుంది, పీడనం తగ్గుతుంది, కరుగుతుంది. రెండు పటాల్లోనూ అగ్నిపర్వతం ఒకేలా గీస్తారు. తేడా తెలిసేది బాణాలు చూసినప్పుడే. ఎదురెదురుగా వస్తే నీటి కథ, ఎడమవైపుది ఎడమకూ కుడివైపుది కుడికీ పోతే పీడనం కథ.

ఇదే తరహా పటంలో ఇంకో మార్పు చేస్తారు. రెండు పక్కలా ‘ఖండ భూపటలం’ అనే లేబుల్ పెడతారు. బాణాలు ఎదురెదురుగానే ఉంటాయి, పర్వతాలూ ఉంటాయి, కందకం మాత్రం ఉండదు. ఇది హిమాలయాల రకం. ఖండపు రాయి తేలిక, లోతుకు దిగడానికి ఒప్పుకోదు. అందుకే ముడుచుకుని మందమవుతుంది. అక్కడ అగ్నిపర్వతాల వరస కనిపించదు. అండమాన్ దగ్గర మాత్రం భారత పలక తూర్పుకు దిగుతోంది. అందుకే మన దేశంలో క్రియాశీల అగ్నిపర్వతం బ్యారెన్ దీవిలో ఉంది. 2004 డిసెంబర్ 26న మన కోస్తాను తాకిన సునామీ పుట్టిందీ ఈ దిగే సరిహద్దు మీదే. ‘పలకలు ఢీకొన్నచోట అగ్నిపర్వతాలు ఉంటాయి’ అని కంఠస్థం చేసినవాళ్లు హిమాలయాల బిట్‌లో తప్పు గుర్తిస్తారు. అక్కడ చూడాల్సింది ‘ఢీకొన్నచోట’ అన్న మాట కాదు, ఢీకొన్నవి ఏవి అన్న లేబుల్.

కంటికి కనిపించే జరుగుడు

మూడో రకం సరిహద్దు పటం పైనుంచి చూసినట్టు గీస్తారు. సముద్రపు అడుగున ఉత్తర దక్షిణాలుగా పర్వతశ్రేణి. అది మధ్యలో తెగి, ఉత్తరపు ముక్క పడమటికీ దక్షిణపు ముక్క తూర్పుకీ ఉంటాయి. రెండింటినీ కలుపుతూ తూర్పు పడమరలుగా ఒక గీత. ఇది పరివర్తన భ్రంశం. గీతకు ఉత్తరంగా ఉన్న నేల, శ్రేణి ముక్కల మధ్య భాగంలో, ఎటు కదులుతోంది అని ప్రశ్న.

ఆకారాన్ని చూస్తే జవాబు స్పష్టంగా ఉన్నట్టుంటుంది. ఉత్తరపు ముక్క పడమటికి జరిగి ఉంది కదా, కాబట్టి ఉత్తరపు నేల పడమటికే పోతోంది అనుకుంటాం. ఆ ఆకారాన్ని పక్కనపెట్టి, శ్రేణి ముక్కల మీద గీసిన చిన్న బాణాలు చూడండి. ప్రతి ముక్క దగ్గరా నేల రెండు వైపులకూ విడిపోతోంది. మనం అడుగుతున్న చోటు ఉత్తరపు ముక్కకు తూర్పున ఉంది. దానికి తూర్పున ఉన్న నేల తూర్పుకే పోతుంది. గీతకు దక్షిణంగా, అదే మధ్య భాగంలో ఉన్న నేల దక్షిణపు ముక్కకు పడమర ఉంది, కాబట్టి పడమటికి పోతుంది. అసలు కదలిక కంటికి తోచినదానికి సరిగ్గా వ్యతిరేకం.

ఈ మాట 1965లో కెనడా శాస్త్రవేత్త టూజో విల్సన్ చెప్పారు. శ్రేణి మొదట తిన్నగా ఉండి తర్వాత తెగి జరిగిందన్న పాత ఊహ నిజమైతే భూకంపాల్లో జారుడు ఒక దిశలో ఉండాలి, తన లెక్క నిజమైతే రెండో దిశలో ఉండాలి. 1967లో అమెరికా భూకంప శాస్త్రవేత్త లిన్ సైక్స్ అట్లాంటిక్ మధ్య శ్రేణి మీది భూకంపాల రికార్డులు పరిశీలించి, జారుడు విల్సన్ చెప్పిన దిశలోనే ఉందని చూపించారు. పలక సిద్ధాంతానికి దొరికిన బలమైన రుజువుల్లో ఇదొకటి.

అదే పటంలో శ్రేణి ముక్కలు దాటి అటూ ఇటూ గీత సాగుతూ ఉంటుంది. ఆ కొనసాగింపు మీద భూకంపాలు వస్తాయా అని మరో బిట్ అడుగుతారు. ఉత్తరపు ముక్కకు పడమర వైపు చూడండి. గీతకు పైన ఉన్న నేలా, కింద ఉన్న నేలా రెండూ పడమటికే పోతున్నాయి. ఒకదాన్నొకటి రాసుకోవడం లేదు కాబట్టి అక్కడ భూకంపాలు దాదాపు ఉండవు. గీత ఒక్కటే, అయినా మధ్య భాగం పలకల సరిహద్దు, అంచు భాగాలు కాదు. బాణాలు లేకుండా ఈ పటం ఇస్తే ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి శ్రేణి లేబుల్ తప్ప వేరే ఆధారం లేదు.

పెట్టెలోకి వచ్చే బాణం

శిలాచక్రం పటంలో పెట్టెలు, బాణాలు ఉంటాయి. పెట్టెలు పదార్థాలు, బాణాలు ప్రక్రియలు. ఐదు పెట్టెలుంటే వాటిలో మూడే రాళ్లు: అగ్నిశిల, అవక్షేప శిల, రూపాంతర శిల. మాగ్మా, అవక్షేపాలు రాళ్లు కావు. బిట్‌లో సాధారణంగా ఒక పెట్టెను ఖాళీగా వదిలి అది ఏమిటని అడుగుతారు.

ఇక్కడ ఒక సులువైన నియమం ఉంది. పెట్టెలోంచి బయటికి పోయే బాణాలను చూసి నిర్ణయించకండి. మూడు రకాల రాళ్లలో ఏదైనా శైథిల్యం చెంది అవక్షేపమవుతుంది, ఏదైనా కరిగి మాగ్మా అవుతుంది, ఏదైనా వేడికి పీడనానికి మారుతుంది. కాబట్టి బయటికి పోయే బాణాలు రాయి రకాన్ని పట్టివ్వవు. లోపలికి వచ్చే బాణం మాత్రం పట్టిస్తుంది. ‘చల్లబడి గట్టిపడటం’ అని వస్తే అగ్నిశిల. ‘ఒత్తుకుని అతుక్కోవడం’ అని వస్తే అవక్షేప శిల. ‘వేడి, పీడనం’ అని వస్తే రూపాంతర శిల. ‘కరగడం’ అని వస్తే ఆ పెట్టె అసలు రాయే కాదు, మాగ్మా.

చివరి రెండింటి మధ్యే పొరపాటు ఎక్కువ. రూపాంతరంలో వేడి ఉంది, కరగడంలోనూ వేడి ఉంది. కానీ రూపాంతరం రాయి ఘనంగా ఉండగానే జరుగుతుంది. ఖనిజాలు మారతాయి, అమరిక మారుతుంది, రాయి కరగదు. కరిగిందంటే కథ అగ్నిశిల దారిలోకి మళ్లినట్టే. మార్కాపురం పలకరాయి ఒకప్పటి బంకమట్టి పొరలు ఒత్తిడికి మారి ఏర్పడింది. పలచని రేకులుగా చీలడం ఆ ఒత్తిడి గుర్తు. కరిగి ఉంటే ఆ రేకులు మిగిలేవి కావు.

చక్రం అన్న పేరు కూడా కొంత తప్పుదారి పట్టిస్తుంది. పుస్తకంలో బాణాలు గుండ్రంగా గీయడంతో ప్రతి రాయీ వరసగా అన్ని దశలూ దాటుతుందనిపిస్తుంది. విశాఖపట్నం చుట్టూ ఉన్న కొండల్లో ఖోండలైట్ అనే రాయి కనిపిస్తుంది. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు మీద పిలిచే ఈ రాయిలో గార్నెట్, సిల్లిమనైట్ అనే ఖనిజాలుంటాయి. సిల్లిమనైట్‌లో అల్యూమినియం ఎక్కువ, కాబట్టి ఇది మొదట అల్యూమినియం దండిగా ఉన్న బంకమట్టి అవక్షేపం. భూమి లోతుల్లో తీవ్రమైన వేడికి ఇలా మారింది. ఇప్పుడు పైకి తేలి, వానకూ ఎండకూ శిథిలమవుతోంది. అది ఎర్రమట్టి అవుతోంది, కొన్ని కొండల నెత్తిన బాక్సైట్ అవుతోంది. అవక్షేపం, రూపాంతర శిల, మళ్లీ అవక్షేపం. ఈ దారిలో మాగ్మా లేదు, పూర్తి చుట్టూ లేదు.

అందుకే ‘రూపాంతర శిల తర్వాత తప్పనిసరిగా ఏర్పడేది ఏది?’ అన్న బిట్ కనిపిస్తే, పటంలో ఆ పెట్టె నుంచి ఎన్ని బాణాలు బయలుదేరాయో లెక్కపెట్టండి. మూడు ఉంటే తప్పనిసరి అనేదేమీ లేదు, ఆ మాట ఉన్న ఆప్షన్లన్నీ పోతాయి. ఒక్కటే ఉంటే, ఆ బాణం మీద రాసింది చదివి దాన్నే గుర్తించండి. మీకు తెలిసిన మిగతా దారులు ఆ ప్రశ్నకు అవసరం లేదు.